గోడకు అంటిన డబ్బు

హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8లో షట్టర్ ఖాళీగా ఉందంటే అడగడానికి వచ్చేవాళ్లకు కొదవ ఉండదు. ఒకపక్క ఉస్మానియా యూనివర్సిటీ, తార్నాక హాస్టళ్లు. ఇంకోపక్క ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ ఉద్యోగులు. 2017 నవంబరు నుంచి మెట్రో కూడా ఉంది. అందుకే టిఫిన్ సెంటరో, బేకరీయో, జిరాక్స్ షాపో పెట్టుకోవాలనుకునే వాళ్ల కళ్లు ఈ వీధి మీద పడతాయి. వాళ్లలో చాలామంది కిరాయిలో వెయ్యి తగ్గించుకోవడానికి వారం పది రోజులు బేరమాడతారు. తీరా అగ్రిమెంటు దగ్గరికి వచ్చేసరికి నోటరీ టేబుల్ ముందు నిలబడి పది నిమిషాల్లో సంతకాలు పెట్టేస్తారు. నష్టపోయేది మాత్రం ఆ వెయ్యి దగ్గర కాదు. షాపు తెరవకముందే గోడలకు, నేలకు, సీలింగ్‌కు పెట్టేసిన డబ్బు దగ్గర. ఆ డబ్బుకు రక్షణ ఉందా లేదా అన్నది ఆ కాగితంలోని మూడు నాలుగు పేరాల్లోనే తేలిపోతుంది.

ఒక లెక్క పెట్టుకుందాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే, మీ షాపుకు తగ్గట్టు మార్చుకోండి. 400 చదరపు అడుగుల షట్టర్, కిరాయి నెలకు 50,000. అడ్వాన్సు ఆరు నెలలది, అంటే 3 లక్షలు. అందులో చిన్న టిఫిన్ సెంటర్. ఇంటీరియర్‌కు, సామానుకు కలిపి 10 లక్షలయింది. ఈ 10 లక్షలను ముందుగా రెండు భాగాలు చేయాలి. ఫ్రిజ్, గ్రైండర్, స్టవ్‌లు, టేబుళ్లు, ఏసీ లాంటివి షాపు మారితే మీతో వస్తాయి. అవి 4 లక్షలనుకుందాం. టైల్స్, ఫాల్స్ సీలింగ్, వైరింగ్, నీళ్ల పైపులు, డ్రైనేజీ, వంటగది గోడల పని మీతో రావు. అవి 6 లక్షలు. ఈ 6 లక్షలే గోడకు అంటిన డబ్బు.

మూడేళ్లలో దాన్ని రాబట్టుకోవాలనుకుంటే 36 నెలలకు పంచాలి, నెలకు సుమారు 16,667 రూపాయలు వస్తుంది. అంటే మీ అసలు కిరాయి 50,000 కాదు, 66,667. నెల నెలా ఓనరు చేతికి వెళ్లేది ఒకటి, గోడలో కరిగిపోయేది ఇంకొకటి. రోజుకు ఎన్ని ప్లేట్లు అమ్మితే గిట్టుబాటవుతుందో లెక్కవేసేటప్పుడు ఈ రెండో అంకెను చాలామంది వదిలేస్తారు. లీజు షరతులన్నిటినీ తూచడానికి పనికొచ్చే అంకె అదే. మూడేళ్లకు ముందే ఏ కారణం చేతనైనా షాపు ఖాళీ చేయాల్సివస్తే, మిగిలిన ప్రతి నెలకూ 16,667 చొప్పున పోయినట్టే.

ఇక్కడ లాక్-ఇన్ సంగతి వస్తుంది. లాక్-ఇన్ అంటే ఫలానా గడువు దాకా ఒప్పందాన్ని మధ్యలో తెంచుకోకూడదన్న షరతు. మామూలుగా ఓనరు ఇచ్చే ముసాయిదాలో అది కిరాయిదారుకే ఉంటుంది. ‘కిరాయిదారు మూడేళ్ల లోపు ఖాళీ చేస్తే మిగిలిన కాలానికి కిరాయి చెల్లించవలెను’ అని ఒక పేరా. ఇంకెక్కడో కింద ‘ఓనరు మూడు నెలల నోటీసుతో ఖాళీ చేయించవచ్చును’ అని ఇంకో పేరా. రెండూ పక్కపక్కన లేకపోవడంతో చదివేవాడికి తట్టదు. మూడేళ్లు కదలకూడనిది మీరు, మూడు నెలల్లో కదిలించగలిగేది ఆయన.

ఆ షరతు మన లెక్కలో ఎంతకు తేలుతుందో చూద్దాం. మూడేళ్ల లాక్-ఇన్, ఏటా 5 శాతం పెంపు. వ్యాపారం నడవక పద్నాలుగు నెలలకు మూసేశారనుకోండి. మిగిలింది 22 నెలలు. రెండో ఏడు కిరాయి 52,500 చొప్పున పది నెలలకు 5,25,000. మూడో ఏడు 55,125 చొప్పున పన్నెండు నెలలకు 6,61,500. కాగితం ప్రకారం ఓనరు అడగగలిగేది 11,86,500. గోడలో మిగిలిపోయింది 3,66,667. రెండూ కలిపితే పదిహేనున్నర లక్షలు. నడవని షాపును మూసేయడానికి, పెట్టడానికైన దానికంటే ఎక్కువ.

అదే షాపుకు మీ లాక్-ఇన్ 12 నెలలే ఉండి, నోటీసు గడువు మూడు నెలలై ఉంటే? పదకొండో నెలాఖరులో నోటీసిచ్చి, పద్నాలుగో నెలాఖరుకు తాళం అప్పగించి వెళ్లిపోవచ్చు. గోడలోని 3,66,667 పోతుంది, అంతకు మించి ఒక్క రూపాయి బాకీ ఉండదు. షాపు అదే, కిరాయి అదే, మూసేసిన రోజూ అదే. తేడా దాదాపు 12 లక్షలు. కిరాయిలో వెయ్యి తగ్గించుకుని సంపాదించేది మూడేళ్లకు 36,000.

అలాగని మీరు సంతకం చేసిన పూర్తి మొత్తం కోర్టు ఓనరుకు ఇప్పించేస్తుందని బెంబేలెత్తాల్సిన పనీ లేదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, కాగితంలో ఎంత రాసుకున్నా, కోర్టు ఇప్పించేది సబబైన నష్టపరిహారమే, అదీ రాసుకున్న మొత్తానికి లోబడి. లాక్-ఇన్ మిగిలింది కదా అని ఆ కాలం కిరాయి మొత్తం దానంతటదే రాదనీ, షాపును మళ్లీ కిరాయికిచ్చుకుని నష్టం తగ్గించుకునే బాధ్యత ఓనరుకూ ఉందనీ ఢిల్లీ హైకోర్టు 2010లో మంజు బగాయ్ కేసులో చెప్పింది. స్ట్రీట్ నంబర్ 8 లాంటి చోట, ఖాళీ షట్టర్‌ను అడిగేవాళ్లున్న చోట, ఇది గట్టి వాదనే. కానీ మీ అడ్వాన్సు 3 లక్షలు ఆయన దగ్గరుంది. ఆయన కోర్టుకు వెళ్లనక్కర్లేదు, ఇవ్వకుండా కూర్చుంటే చాలు. వెళ్లాల్సింది మీరు. అందుకే చట్టం ఏదో చూసుకుంటుందిలే అనుకోకుండా కాగితంలోనే తేల్చుకోవాలి.

నా మాట ఇది: రెండు లాక్-ఇన్‌లు వేరు వేరుగా రాయించుకోండి. ఓనరుకు ఉండే లాక్-ఇన్, గోడకు అంటిన డబ్బు రాబట్టుకునేంత కాలం, అంటే మన లెక్కలో 36 నెలలు. మీకు ఉండే లాక్-ఇన్, మీరు నష్టం భరించగలిగినంత మట్టుకే, ఇక్కడ 12 నెలలు. ‘ఇద్దరికీ సమానంగా ఉండాలి కదా’ అని ఓనరు అంటాడు. సమానం కాదనడానికి కారణం ఆయన ముందే చెప్పొచ్చు: గోడలు ఆయనవి, వాటికి పెట్టిన 6 లక్షలు మీవి. మీరు వెళ్లిపోతే టైల్స్‌తో, వైరింగ్‌తో తయారైన షాపు ఆయనకు మిగులుతుంది. ఆయన పొమ్మంటే మీకు మిగిలేది ఏమీ లేదు. ఆయన బొత్తిగా ఒప్పుకోకపోతే మీ లాక్-ఇన్‌ను పద్దెనిమిది నెలల దగ్గర కుదుర్చుకోవచ్చు. మూడేళ్ల ఏకపక్ష లాక్-ఇన్‌కు మాత్రం సంతకం పెట్టకండి, ఎంత మంచి షట్టరైనా సరే.

ఓనరు మాట తప్పితే ఏమవుతుందో కూడా రాయాలి, లేకపోతే ఆయన లాక్-ఇన్ ఉత్త మాటగా మిగిలిపోతుంది. నేనైతే ఇలా రాయిస్తాను: ‘ఓనరు ఈ 36 నెలల లోపు, కిరాయి బకాయి లేకుండా, కిరాయిదారును ఖాళీ చేయమని కోరిన పక్షంలో, అనుబంధంలో చూపిన ఫిటవుట్ ఖర్చు రూ. 6,00,000లో గడవని ప్రతి నెలకు 36వ వంతు చొప్పున లెక్కగట్టి, అడ్వాన్సుతో పాటు తాళం అప్పగించే రోజునే చెల్లించవలెను.’ అనుబంధంలో టైల్స్‌కు ఎంత, వైరింగ్‌కు ఎంత, పైపులకు ఎంత అని బిల్లుల ప్రకారం పట్టిక పెట్టి ఇద్దరూ సంతకాలు చేయాలి. పని పూర్తయ్యాక నెల రోజుల్లో ఆ పట్టిక ఇస్తామని రాసుకున్నా సరిపోతుంది. బిల్లులు లేకుండా మేస్త్రీకి చేతికిచ్చిన డబ్బు ఇక్కడ లెక్కలోకి రాదు కాబట్టి, పని మొదలైన రోజు నుంచే కాగితాలు దాచుకోవాలి.

ఇంత జాగ్రత్తగా రాసుకున్నదంతా వంద రూపాయల స్టాంపు పేపరు మీద, నోటరీతో ఆగిపోతే ఏమవుతుంది? చిన్న షాపులు ఎక్కువగా తప్పుతున్నది సరిగ్గా ఇక్కడే. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతున్నాయి. చేయకపోతే ఆ కాగితంలోని ముఖ్య షరతులను కోర్టులో సాక్ష్యంగా చూపడానికి 49వ సెక్షన్ అడ్డొస్తుంది. మీరు షాపులో ఉన్నారు, కిరాయి కడుతున్నారు కాబట్టి కిరాయిదారు అని ఒప్పుకుంటారు. అయితే నెలవారీ కిరాయిదారు కిందే లెక్క. నెలవారీ కిరాయిని 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. మూడేళ్లు అని రాసుకున్న కాగితం పదిహేను రోజులకు పడిపోయిందన్న మాట. కె.బి. సాహా కేసులో సుప్రీంకోర్టు 2008లో ఈ గీత గట్టిగా గీసింది: రిజిస్టరు కాని లీజులోంచి ఒక ముఖ్య షరతును విడిగా తీసి, ఇది అమలు చేయండి అని అడగడం కుదరదంది.

అద్దె చట్టం ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం తెలంగాణలో ఉన్నా, మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 దాటిన కట్టడాలు 2005 సవరణతో దాని బయటకు వచ్చేశాయి. ఇవాళ హబ్సిగూడలో 3,500కు షట్టర్ ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి మీకు రక్ష మీ దస్తావేజే. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. నోటీసు గడువు అయిపోయినా సరే, మీరు ఖాళీ చేయకపోతే ఓనరు కోర్టులో దావా వేయాల్సిందే. సామాను బయట పడేయడానికి, తాళం మార్చడానికి, కరెంటు తీయించడానికి ఆయనకు హక్కు లేదు.

పదకొండు నెలల కాగితాల తంతు కూడా ఇందులోదే. పైన ‘11 నెలలు’ అని, లోపల ‘లాక్-ఇన్ 36 నెలలు’ అని రాసినవి మార్కెట్లో తిరుగుతుంటాయి. రెండూ ఒకచోట నిలవవు. మూడేళ్లు కట్టిపడేసే కాగితం మూడేళ్ల లీజే, దాన్ని రిజిస్టరు చేయాలి. నిజంగా పదకొండు నెలలే అయితే, 6 లక్షలు గోడలకు పెట్టకూడదు. నెలకు 54,545 పడుతుంది, అసలు కిరాయికంటే ఎక్కువ. పదకొండు నెలల కాగితం మీద టేబుళ్లు, ర్యాకులు పెట్టి నడిపే వ్యాపారం చేయొచ్చు కానీ, వంటగది కట్టకూడదు.

రిజిస్ట్రేషన్ అనగానే ఓనరు వెనక్కి తగ్గుతాడు. ఆ సంభాషణ ఇలా నడుస్తుంది.

“నోటరీ సరిపోతుంది బాబూ. రిజిస్ట్రేషన్ అంటే మళ్లీ స్టాంపు డ్యూటీ, ఆఫీసు చుట్టూ తిరగడం. నా మీద నమ్మకం లేదా?”

“మీ మీద నమ్మకం లేక కాదు అంకుల్. ఆరు లక్షలు మీ గోడలకు పెడుతున్నాను. డ్యూటీ నేనే కట్టుకుంటాను. మీరు ఒక్క పూట వచ్చి సంతకం చేసి, ఫోటో, వేలిముద్ర ఇస్తే చాలు.”

“సరే, పదకొండు నెలలకు రాసుకుని ప్రతి ఏడూ పొడిగించుకుందాం.”

“అప్పుడు మూడేళ్ల లాక్-ఇన్ తీసేద్దాం అంకుల్. రెండు నెలల నోటీసిచ్చి నేనెప్పుడైనా వెళ్లిపోవచ్చని రాద్దాం.”

చాలామంది ఓనర్లు ఇక్కడ ఆలోచనలో పడతారు. లాక్-ఇన్ తమకూ నిలవాలంటే రిజిస్ట్రేషన్ కావాలని అప్పుడే అర్థమవుతుంది. స్టాంపు డ్యూటీ మొత్తం కాలానికి వచ్చే కిరాయి మీద శాతంగా ఉంటుంది, అడ్వాన్సును కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. ముసాయిదా పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే అడిగి, ఆ మొత్తాన్ని షాపు పెట్టుబడిలో కలుపుకోండి. అదే పనిగా ఆ బిల్డింగ్‌కు ఈసీ కూడా తీయించండి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ registration.telangana.gov.in లో దొరుకుతుంది. బ్యాంకు తాకట్టు అందులో కనబడితే బ్యాంకు అనుమతి కాగితం అడగాలి. అప్పు కట్టక బ్యాంకు స్వాధీనానికి వస్తే, తాకట్టు తర్వాత వచ్చిన కిరాయిదారు నిలబడటం కష్టం. ఈ ప్రాంతంలో ఓనరు పిల్లలు అమెరికాలో ఉండటం, బిల్డింగ్ వాళ్ల పేరు మీదే ఉండటం మామూలు. అప్పుడు ఇక్కడ సంతకం చేసే పెద్దాయనకు లీజు ఇచ్చే అధికారం ఉన్న రిజిస్టర్డ్ జీపీఏ ఉందో లేదో చూడాలి. ఇద్దరు ముగ్గురు వారసులుంటే అందరి సంతకాలూ ఉండాలి.

ఇక కిరాయి పెంపు. శాతం ఎంత అన్నదొక్కటే చూసి ఊరుకుంటారు. ఎప్పుడు, దేని మీద అన్నది కూడా చూడాలి. ఏటా 5 శాతం అంటే మన 50,000 అయిదో ఏటికి 60,775 అవుతుంది. మూడేళ్లకోసారి 15 శాతం అంటే నాలుగు, అయిదు ఏళ్లలో 57,500. మాటకు రెండూ ‘ఏడాదికి అయిదు’ లాగే వినిపిస్తాయి. అయిదేళ్ల మొత్తం మీద మాత్రం మూడేళ్లకోసారి పెంచేదే కిరాయిదారుకు సుమారు లక్షా ముప్పై అయిదు వేలు మిగిల్చి పెడుతుంది. పైగా ఆ మిగులు మొదటి మూడేళ్లలో, షాపు ఇంకా నిలదొక్కుకుంటున్నప్పుడు, మొదలవుతుంది. ఏటా 10 శాతమైతే అయిదో ఏటికి 73,205. హాస్టల్ పిల్లలకు అమ్మే దోసె ధర ఏటా పది శాతం పెంచగలరా? పెంచలేమనిపిస్తే ఆ పెంపు మీ లాభంలోంచే వెళ్తుంది.

పెంపు ఏ తేదీ నుంచి మొదలు? సంతకం చేసిన రోజు నుంచా, కిరాయి మొదలైన రోజు నుంచా? ‘కిరాయి మొదలైన తేదీ నుంచి’ అని రాయించండి. కిరాయి పెరిగినప్పుడల్లా అడ్వాన్సునూ ఆరు నెలలకు సరిపడా పెంచాలన్న వాక్యం ఎక్కడైనా దాక్కుని ఉందేమో చూడండి. గడువు ముగిశాక పొడిగింపు ‘పరస్పర అంగీకారంతో, అప్పటి మార్కెట్ రేటుకు’ అని ఉంటే, ఆ వాక్యం మీకు ఏ హక్కూ ఇవ్వదు. షాపు పేరు పాకాక, గిరాకీ అలవాటయ్యాక ఓనరు చెప్పిందే రేటవుతుంది. ‘కిరాయిదారు మూడు నెలల ముందు రాతపూర్వకంగా కోరితే మరో మూడేళ్లకు లీజు ఇవ్వవలెను, కిరాయి చివరి కిరాయి మీద 15 శాతానికి మించరాదు’ అని పరిమితి పెట్టాలి.

జీఎస్టీ గురించి ఒక్క మాట, ఎందుకంటే తిండి వ్యాపారాల్లో ఇది ఊహించని చోట తగులుతుంది. షాపు కిరాయి మీద పన్ను 18 శాతం, 50,000 మీద 9,000. ఓనరుకు జీఎస్టీ నంబరు లేకపోయినా, మీకు రెగ్యులర్ నంబరు ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను మీరే కట్టాలి. అయిదు శాతం పన్నుతో నడిచే హోటలుకు అందులో ఒక్క రూపాయి కూడా తిరిగి సర్దుబాటు కాదు. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లకు 2025 జనవరి 16 నుంచి ఈ భారం తీసేశారు. నంబరు ఏ పద్ధతిలో తీసుకోవాలో లీజు మీద సంతకానికి ముందే అకౌంటెంటును అడగండి, నెలకు 9,000 తేడా వస్తుంది.

ఫిటవుట్ కాలం, అంటే పని జరుగుతున్నన్ని రోజులు కిరాయి లేని గడువు, సాధారణంగా నెల నుంచి రెండు నెలలు అడగొచ్చు. ఇందులో జరిగే పొరపాటు గడియారం ఎప్పుడు మొదలవుతుందన్న దగ్గరే. తాళం ఒకటో తేదీన ఇచ్చారు. షాపుకు సింగిల్ ఫేజ్ మీటరే ఉంది, వంటగదికి త్రీ ఫేజ్ కావాలి. అదనపు లోడ్‌కు ఓనరు పేరు మీద కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి, ఓనరు ఊళ్లో లేడు. 45 రోజుల గడువులో పాతిక రోజులు అలాగే గడిచిపోతాయి, పని సగంలో ఉండగానే కిరాయి మొదలవుతుంది. కాబట్టి ‘త్రీ ఫేజ్ కరెంటు, నీళ్ల కనెక్షన్, డ్రైనేజీతో స్వాధీనం ఇచ్చిన రోజు నుంచి 45 రోజుల తర్వాత కిరాయి మొదలగును’ అని రాయాలి. ఇల్లుగా అనుమతి తీసుకుని కింద షట్టర్లు పెట్టిన బిల్డింగులు ఇక్కడ తక్కువేమీ కాదు. మీ వ్యాపారానికి ట్రేడ్ లైసెన్సు రాకపోతే, లేదా బిల్డింగ్ అనుమతిలోని లోపం వల్ల షాపును సీల్ చేస్తే, లాక్-ఇన్ ఉన్నా సరే మీరు వెళ్లిపోవచ్చనీ, అడ్వాన్సు, ఫిటవుట్ ఖర్చు తిరిగి వస్తాయనీ ఒక వాక్యం ఉండాలి. ఆ లోపం ఓనరుది కాబట్టి ఆ బరువు ఆయనదే.

పని మొదలుపెట్టే ముందు షాపును మూలమూలా ఫోటోలు, వీడియో తీసి ఓనరుకు పంపండి. మూడేళ్ల తర్వాత ‘మొదట ఉన్నట్టుగా చేసి ఇవ్వవలెను’ అన్న వాక్యం మీద గొడవ వస్తే, మొదట ఎలా ఉందో చెప్పేది అవే. ఆ వాక్యం పక్కనే ‘వాడకం వల్ల వచ్చే సహజమైన అరుగుదల మినహా’ అని చేర్పించండి. గోడలు పగలగొట్టడం, నేల తవ్వడం లాంటి పనులకు ముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఫోన్లో ‘కానివ్వు బాబూ’ అన్నది తర్వాత నిలవదు.

వెళ్లే హక్కు దగ్గర ఒక పెద్ద ఉదాహరణ పక్కనే ఉంది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగింది. వరంగల్ రోడ్డు గుంతలు, దుమ్ము, బారికేడ్లతో నిండిపోయి, ఆ పొడుగునా షాపులకు గిరాకీ పడిపోయింది. అలాంటప్పుడు కిరాయి తగ్గించమని అడిగే హక్కు చట్టంలో లేదు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో అగ్నిప్రమాదం, వరద లాంటివాటితో షాపు ముఖ్య భాగం పూర్తిగా ధ్వంసమైతేనో, శాశ్వతంగా పనికిరాకుండా పోతేనో లీజు వదులుకోవచ్చన్న నియమముంది. గిరాకీ తగ్గడం దాని కిందికి రాదు. కరోనా కాలంలో ఇదే తేలింది. ఢిల్లీ ఖాన్ మార్కెట్లోని ఒక షాపు కిరాయిదారు లాక్‌డౌన్‌లో కిరాయి ఆపమని అడిగితే, ఢిల్లీ హైకోర్టు 2020 మేలో ఒప్పుకోలేదు. లీజులో అలాంటి షరతు ఉంటేనే దాని మీద ఆధారపడగలరని చెప్పింది. లీజు కాగితంలో లేని ఊరట కోర్టులో దొరకడం కష్టమని కిరాయిదారులు అప్పుడు గట్టిగా నేర్చుకోవాల్సి వచ్చింది.

కాబట్టి ఆ షరతు మీరే రాయించుకోవాలి, అదీ మామూలు మాటల్లో. ‘ప్రభుత్వ ఉత్తర్వు వల్ల షాపు తెరవడానికి వీలుకాని రోజులకు కిరాయి సగం. రోడ్డు, డ్రైనేజీ, ఫ్లైఓవర్ లాంటి ప్రభుత్వ పని వల్ల షాపు ముందు దారి 60 రోజులకు మించి మూసుకుపోతే, లాక్-ఇన్‌తో నిమిత్తం లేకుండా కిరాయిదారు నెల రోజుల నోటీసుతో ఖాళీ చేయవచ్చును.’ ఓనరు సగం కిరాయికి ఒప్పుకోకపోవచ్చు. రెండో వాక్యానికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ, మీకు ముఖ్యమైనదీ అదే. రోడ్డు వెడల్పులో షాపు ముందు భాగం పోతే ఏం చేయాలో కూడా ఇక్కడే తేల్చుకోండి.

ఇంకో దారి, షాపును ఇంకొకరికి అప్పగించి వెళ్లడం. అగ్రిమెంట్లన్నీ దాదాపు దీన్ని నిషేధిస్తాయి. పూర్తిగా తీసేయమంటే ఓనరు ఒప్పుకోడు, ఎవరో తెలియని మనిషిని తెచ్చి కూర్చోబెడతారేమోనని ఆయన భయం, అందులో అన్యాయమూ లేదు. ‘అదే రకం వ్యాపారం చేసే, అదే షరతులకు ఒప్పుకునే కొత్త కిరాయిదారును చూపిస్తే, సరైన కారణం లేకుండా ఓనరు కాదనరాదు’ అని అడగండి. గోడకు అంటిన డబ్బులో కొంతైనా చేతికొచ్చే మార్గం ఇదొక్కటే. వంటగది, డ్రైనేజీ, త్రీ ఫేజ్ అన్నీ సిద్ధంగా ఉన్న షాపుకు టిఫిన్ సెంటర్ పెట్టాలనుకునే ఇంకొకరు రెండు మూడు లక్షలు ఇవ్వడానికి ముందుకొస్తారు. ఆయన నేరుగా ఓనరు దగ్గరికే వెళ్తే ఆ డబ్బు రాదు.

ఆఖరి రోజుల్లో తొందరపడి తాళం ఇచ్చేయకండి. నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, ఈమెయిల్‌లోనూ పంపి, రెండిటి రుజువులూ ఉంచుకోండి. మీరు బిగించిన ఏసీ, ర్యాకులు, సైన్‌బోర్డు, చిమ్నీ షాపు మీ స్వాధీనంలో ఉండగానే తీసేయాలి. 108వ సెక్షన్ ఆ హక్కు స్వాధీనం ఉన్నంత వరకే ఇస్తుంది, తాళం అప్పగించాక తర్వాత వచ్చి తీసుకెళ్తానంటే కుదరదు. చివరి మూడు నెలల కిరాయి కట్టకుండా ‘అడ్వాన్సులో పట్టుకోండి’ అనడం చాలామంది చేసే పని. లీజులో ఆ మాట రాసి ఉంటే నిక్షేపంగా చేయొచ్చు, లేకపోతే మీరే బకాయిదారు అవుతారు, ఓనరు లాక్-ఇన్ కూడా తెగిపోతుంది. దానికంటే మంచి వాక్యం ఒకటుంది: ‘షాపు అప్పగించే రోజు అడ్వాన్సు తిరిగి ఇవ్వనిచో, ఇచ్చే వరకు కిరాయిదారు కిరాయి లేకుండా స్వాధీనంలో ఉండవచ్చును.’ రాయించుకునేటప్పుడు ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పరు, వెళ్లేటప్పుడు 3 లక్షలను కాపాడేది ఇదే.

అప్పగించే రోజు కరెంటు మీటరు రీడింగ్ ఇద్దరూ కలిసి చూసి, ఆ నెల బిల్లు మినహాయించుకుని, మిగతా మొత్తం ఖాతాలో పడ్డాక, ‘తాళాలు అందినవి, ఎలాంటి బకాయి లేదు’ అని తేదీ వేసి ఓనరు చేత సంతకం చేయించుకోండి. రిజిస్టరు చేసిన లీజైతే దాని రద్దు పత్రాన్ని కూడా రిజిస్టరు చేయించండి. ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ నంబర్లలో ఆ చిరునామా మీ పేరు మీద ఇంకా ఉంటే, తర్వాత వచ్చేవాడి నోటీసులు మీ ఇంటికి వస్తాయి. వాటినీ అదే వారంలో తీయించేయాలి.